ఇంకా 24 నిమిషాలు: టికెట్ క్యూలో గడువు ఎలా నడుస్తుంది, దాటబోయే ముందు ఏం జరుగుతుంది

అందరికీ నమస్కారం. ముందుగా ఒక ప్రశ్న. మీలో సపోర్ట్ క్యూలో కూర్చుని పనిచేసినవాళ్లు ఎంతమంది? సగానికి పైనే చేతులు లేచాయి. అయితే టికెట్ పక్కన ఆ అంకె పసుపులోంచి ఎరుపులోకి మారేటప్పుడు కడుపులో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది, అది ఎరుపెక్కాక నిజంగా ఏం చెయ్యాలి అన్నదే ఈ రోజు మాట్లాడదాం.

మొట్టమొదట ఒక అపోహ. ఎస్ఎల్ఏ టైమర్, అంటే కస్టమర్‌తో ఒప్పుకున్న గడువుని చూపించే టైమర్, అనగానే లోపలెక్కడో ఒక గడియారం టిక్కు టిక్కుమంటూ తిరుగుతుంటుందని అనుకుంటాం. ఏదీ తిరగదు. డేటాబేస్‌లో టికెట్ పక్కన ఒక తేదీ, ఒక సమయం రాసి ఉంటాయి, అంతే. దాన్ని `due_at` అనుకుందాం. తెర మీద మీకు తగ్గుతూ కనిపించేది, ఆ సమయంలోంచి ఇప్పటి సమయాన్ని తీసేస్తే మిగిలినది. అంటే టైమర్‌కి సంబంధించిన అసలు పనంతా ఆ ఒక్క తేదీని సరిగ్గా లెక్కగట్టడం, పరిస్థితి మారినప్పుడల్లా మళ్లీ లెక్కగట్టడం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాత వచ్చే తిరకాసులు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

ఒక టికెట్ తీసుకుందాం. శుక్రవారం సాయంత్రం 4:20కి వచ్చింది. నెలవారీ రిపోర్ట్ డౌన్‌లోడ్ కావట్లేదని కస్టమర్ ఫిర్యాదు. ఒప్పందం ప్రకారం నాలుగు పని గంటల్లో, అంటే 240 నిమిషాల్లో పరిష్కరించాలి. పని గంటలు సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు. శుక్రవారం 6 గంటలకల్లా 100 నిమిషాలు ఖర్చయిపోతాయి. మిగిలిన 140 సోమవారం 9 నుంచి లెక్క. కాబట్టి టికెట్ పుట్టిన క్షణంలోనే సిస్టమ్ `due_at` దగ్గర సోమవారం 11:20 అని రాసేస్తుంది. శనివారం, ఆదివారం ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, ఆ తేదీ ఎటూ కదలదు.

సోమవారం పొద్దున 9:30కి మనవాడు టికెట్ తెరిచి, లాగ్ ఫైల్ పంపమని కస్టమర్‌ని అడిగి, టికెట్‌ని పెండింగ్‌లో పెట్టాడు. ఇక్కడ సిస్టమ్ రెండు పనులు చెయ్యాలి. ఇప్పటిదాకా ఖర్చయిన 130 నిమిషాలను ఎక్కడో రాసి పెట్టుకోవాలి. రెండోది, `due_at`ని ఖాళీ చెయ్యాలి. ఈ రెండో పని మర్చిపోయిన సిస్టమ్‌లు నేను ఒకటి కంటే ఎక్కువే చూశాను. బంతి కస్టమర్ కోర్టులో ఉంటుంది, టికెట్ పక్కన మాత్రం పాత 11:20 అలాగే ఉండిపోతుంది. సరిగ్గా 11:20కి టికెట్ బ్రీచ్ అయిందని, అంటే గడువు దాటిపోయిందని, మేనేజర్‌కి మెయిల్ వెళ్తుంది. ఆగి ఉన్న టైమర్‌కి గడువంటూ ఉండదు. దానికి ఉండేది మిగిలిన నిమిషాలు మాత్రమే. మన టికెట్‌కి అవి 110.

కస్టమర్ 2:10కి లాగ్ పంపాడు. టైమర్ మళ్లీ మొదలైంది. 2:10కి 110 నిమిషాలు కలిపితే 4 గంటలు. ఇది కొత్త గడువు.

ఒక్క మాట పక్కకి వెళ్లి చెబుతాను. శుక్రవారం 4:20 నుంచి సోమవారం 4 దాకా కస్టమర్ గోడ గడియారంలో దాదాపు 72 గంటలు గడిచాయి. మన లెక్కలో నాలుగు. సోమవారం మధ్యాహ్నం ఆయన ఫోన్ చేసి "మూడు రోజులైంది సార్" అంటే, మనం "ఇంకా గడువు దాటలేదండీ" అంటాం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గొడవ మాత్రం ఖాయం. టైమర్ కొలిచేది ఒప్పందాన్ని, ఎదురుచూపుని కాదు.

ఇక హెచ్చరికలు. మామూలుగా గడువులో 75 శాతం ఖర్చయినప్పుడు ఒకటి, 90 శాతం దగ్గర ఇంకొకటి పెడతారు. మొదటిది టికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి, రెండోది టీమ్ లీడ్‌కి కూడా. మన టికెట్‌కి 75 శాతం అంటే 180 నిమిషాలు, అది 3 గంటలకు. 90 శాతం అంటే 216, అది 3:36కి. అప్పటికి మిగిలేది 24 నిమిషాలు.

ఈ శాతాల పద్ధతి నాకు పెద్దగా నచ్చదు. ఎందుకో చెబుతాను. మొదటి జవాబు 15 నిమిషాల్లో ఇవ్వాలన్న టైమర్ ఉందనుకోండి, 90 శాతం దగ్గర మిగిలేది నిమిషంన్నర. ఆ మెయిల్ తెరిచి చదివేలోపే గడువు అయిపోతుంది. అదే ఐదు పని దినాల గడువైతే, అంటే 45 గంటలైతే, అదే 90 శాతం దగ్గర ఇంకా నాలుగున్నర గంటలు చేతిలో ఉంటాయి. అప్పుడొచ్చే అలర్ట్‌ని ఎవరూ పట్టించుకోరు. హెచ్చరిక అందుకున్న మనిషి ఏదైనా చెయ్యడానికి ఎంత టైమ్ పడుతుందో చూసుకుని, గడువుకి అన్ని నిమిషాల ముందు రమ్మనాలి. 15 నిమిషాల టైమర్‌కి సగం దగ్గరే గంట మోగాలి.

ఆ హెచ్చరిక ఎలా పుడుతుందన్నది కూడా చూడాలి. రెండు దారులున్నాయి. ఒకటి, ఒక ప్రోగ్రామ్ ప్రతి ఐదు నిమిషాలకూ లేచి, తెరిచి ఉన్న టికెట్లన్నీ చూసి, 90 దాటినవాటికి అలర్ట్ పంపడం. సులువే. కానీ 3:35కి అది చూసి వెళ్లిపోతే, 3:36కి రావాల్సిన మన అలర్ట్ 3:40కి వస్తుంది. 24 నిమిషాల్లో నాలుగు అక్కడే పోయాయి. రెండో దారి, టైమర్ మొదలైనప్పుడే "3:36కి నన్ను లేపు" అని ఒక జాబ్‌ని షెడ్యూల్ చెయ్యడం. ఇది నిమిషం తేడా లేకుండా వస్తుంది, కానీ దీని జబ్బు దీనికుంది. మన టికెట్ గడువు మొదట 11:20 కదా. అప్పుడు 90 శాతం అలర్ట్ 10:56కి షెడ్యూల్ అయ్యుంటుంది. 9:30కి టికెట్ ఆగింది. ఆ పాత జాబ్‌ని ఎవరూ తియ్యలేదు. 10:56కి అది లేచి, గడువు ముంచుకొస్తోందని అందరినీ కంగారు పెడుతుంది. మందు చాలా చిన్నది. లేచిన జాబ్ ముందు టికెట్‌ని మళ్లీ చదవాలి, తను ఏ గడువు కోసం పుట్టిందో ఆ గడువు ఇంకా అలాగే ఉందో లేదో చూసుకోవాలి.

```
if ticket.due_at != job.due_at:
    return
```

ఈ రెండు లైన్లు లేక రాత్రి నిద్ర పోగొట్టుకున్నవాళ్లు ఈ గదిలోనే ఉండి ఉంటారు.

నాకు జరిగినది కూడా చెబుతాను. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక చోట అలర్ట్‌లు సరిగ్గా టైమ్‌కే పుడుతున్నాయి, మనుషులకి మాత్రం అందట్లేదు. అందినా గడువు దాటాక అందుతున్నాయి. టీమ్ వాళ్లు "మాకు మెయిల్ రాలేదు" అంటారు, సిస్టమ్ వాళ్లు "మేం పంపాం" అని రికార్డు చూపిస్తారు. రెండు వారాలు ఇదే వాదన. చివరికి అలర్ట్ తయారైన సమయం, మెయిల్ బయటికి వెళ్లిన సమయం పక్కపక్కన పెట్టి చూస్తే నెలాఖరు రోజుల్లో ఆ రెంటికీ మధ్య గంట పైన తేడా. కారణం, మా అలర్ట్ మెయిళ్లు, కస్టమర్లకి నెలాఖరున వేల సంఖ్యలో వెళ్లే ప్రకటనల మెయిళ్లు ఒకే క్యూలో నిలబడుతున్నాయి. అంబులెన్స్ వెళ్లి పెళ్లి ఊరేగింపు వెనక నిలబడ్డట్టు. అలర్ట్‌లకి వేరే క్యూ పెట్టాం, సమస్య పోయింది. ఆ సందర్భంలోనే ఇంకొకటి మార్చాం. అలర్ట్‌లో "ఇంకా 24 నిమిషాలు" అని రాసేవాళ్లం. ఆలస్యంగా వచ్చిన మెయిల్‌లో అది పచ్చి అబద్ధం. ఇప్పుడు "గడువు 4:00" అని రాస్తాం. అది ఎప్పుడు చదివినా నిజమే.

(సభలోంచి ఒకరు: మధ్యలో ప్రయారిటీ మారిస్తే గడువు ఏమవుతుంది?)

మంచి ప్రశ్న. మన టికెట్‌నే 3:10కి పై ప్రయారిటీకి మార్చారనుకోండి. అక్కడ గడువు రెండు గంటలు. అప్పటికి 190 నిమిషాలు ఖర్చయ్యాయి. కొత్త టైమర్‌ని టికెట్ పుట్టినప్పటి నుంచి లెక్కిస్తే, ప్రయారిటీ మార్చిన క్షణంలోనే 70 నిమిషాలు ఆలస్యం. మార్చినప్పటి నుంచి లెక్కిస్తే గడువు 5:10. చూశారా, విషయం అర్జెంట్ అని చెప్పినందుకు గడువు నాలుగు నుంచి 5:10కి వెనక్కి వెళ్లింది! కొన్ని టూల్స్‌లో రెండు రకాలూ పెట్టుకోవచ్చు. నా మటుకు నేను మొదటి నుంచే లెక్కించమంటాను. కానీ ఒక చిక్కుంది. ప్రయారిటీ పెంచితే వెంటనే బ్రీచ్ అయ్యేట్టుంటే, ఎంత అవసరమైనా ఎవడూ పెంచడు. అందుకని అలా బ్రీచ్ అయినవాటిని రిపోర్ట్‌లో విడిగా చూపించమంటాను, ఎవరి లెక్కలోనూ వెయ్యొద్దంటాను.

సరే, మన టికెట్ ప్రయారిటీ మారలేదు. ఇప్పుడు 3:36. లీడ్‌కి అలర్ట్ వచ్చింది. గడువు 4 గంటలు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. అలర్ట్ చెప్పేది టైమ్ ఎంత ఉందో మాత్రమే. పని ఎంత ఉందో దానికి తెలీదు. లీడ్ చెయ్యాల్సిన మొదటి పని, టికెట్ పట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్లి "ఇంకా ఎంత పడుతుంది?" అని అడగడం. అతను లాగ్ చూశాడు, కారణం దొరికింది, సరిచేసి పరీక్షించడానికి 40 నిమిషాలు అన్నాడు. ఉన్నవి 24. అంటే అది ఇంకా బ్రీచ్ కాకపోయినా, అయినట్టే.

అతని దగ్గర ఇంకో రెండు టికెట్లు ఉన్నాయి. పేర్లు పెట్టుకుందాం. మన రిపోర్ట్ టికెట్ ఎ. రెండోది బి, గడువు 4:10, పని 20 నిమిషాలు. మూడోది సి, గడువు 4:35, పని 25 నిమిషాలు. ఆ రోజు సాయంత్రం వేరే మనుషులు ఖాళీగా లేరు. దేన్ని ముందు చెయ్యాలి?

దాదాపు ప్రతి టూల్‌లోనూ క్యూని గడువు క్రమంలో పేర్చుకుంటాం. ముందు గడువున్నది ముందు. ఆ క్రమంలో వెళ్తే ఎ 4:16కి పూర్తవుతుంది, 16 నిమిషాలు ఆలస్యం. తర్వాత బి 4:36కి, 26 నిమిషాలు ఆలస్యం. సి 5:01కి, అదీ 26 నిమిషాలు ఆలస్యం. మూడూ పోయాయి. ఎలాగూ దక్కని ఒక్క టికెట్ కోసం, దక్కే రెండింటినీ పోగొట్టుకున్నాం.

ఇప్పుడు ఎని వెనక్కి నెట్టండి. బి 3:56కి అయిపోతుంది, గడువుకి 14 నిమిషాల ముందే. సి 4:21కి, అదీ గడువులోపే. ఎ 5:01కి. బ్రీచ్ ఒక్కటే.

ఇది కొత్తగా కనిపెట్టిన చిట్కా కాదు. ఫ్యాక్టరీల్లో ఒకే యంత్రం మీద పనుల్ని ఏ వరసలో పెట్టాలన్న లెక్కలో 1968లోనే జె. ఎమ్. మూర్ దీన్ని రాశాడు. పనుల్ని గడువు వరసలో ఒక్కొక్కటే చేర్చుకుంటూ పో. ఏదైనా ఆలస్యమయ్యే స్థితి వస్తే, అప్పటిదాకా చేర్చినవాటిలో అన్నిటికంటే ఎక్కువ సమయం తినేదాన్ని తీసి చివర పెట్టు. అలా చేస్తే ఆలస్యమయ్యే పనుల సంఖ్య అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మన లెక్కలో మొదటి అడుగులోనే ఎ బయటికి వెళ్లిపోయింది.

కానీ చప్పట్లు అప్పుడే వద్దు. ఎ కస్టమర్ వైపు నుంచి చూడండి. మొదటి పద్ధతిలో ఆయనకి 16 నిమిషాల ఆలస్యం. రెండో పద్ధతిలో 61. గడువు వరసలో చెయ్యడానికి కూడా ఒక గుణం ఉంది. ఒకే మనిషి పని చేస్తున్నప్పుడు అన్నిటికంటే పెద్ద ఆలస్యం ఎంత అన్నది చూస్తే, ఆ వరసే దాన్ని అన్నిటికంటే చిన్నగా ఉంచుతుంది. ఇక్కడ 26 నిమిషాలకి మించలేదు. కాబట్టి ఏది మంచిది అన్నది మీ ఒప్పందం దేన్ని కొలుస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. నెలలో ఎన్ని శాతం టికెట్లు గడువులో అయ్యాయి అని కొలిస్తే రెండో పద్ధతి. ఆలస్యమైన ప్రతి గంటకీ జరిమానా అంటే లెక్క మారిపోతుంది. ఇది లీడ్ తీసుకోవాల్సిన నిర్ణయం. దాన్ని 3:36కి తీసుకోవాలి, నాలుగింటికి కాదు. ఎని వెనక్కి నెట్టాలనుకుంటే, ఆ కస్టమర్‌కి అప్పుడే ఫోన్ చేసి "కారణం దొరికిందండీ, నాలుగింటికి కాదు, 5:15కి అవుతుంది" అని చెప్పాలి. గడువు దాటాక చెప్పే అదే మాటకి విలువ సగం కూడా ఉండదు.

ఇక్కడ ఇంకో దారి ఉంది, దాని గురించి కూడా నిజం మాట్లాడుకుందాం. 3:58కి కస్టమర్‌కి "మీ బ్రౌజర్ వెర్షన్ ఒకసారి చెప్పగలరా?" అని ఒక మెసేజ్ పెట్టి, టికెట్‌ని పెండింగ్‌లోకి తోసెయ్యడం. గడువు ఖాళీ అయిపోతుంది, ఎరుపు పోతుంది. నవ్వుతున్నారు, అంటే మీకు తెలుసు. నేను కూడా చేశాను, కొత్తలో. వెర్షన్ నాకు అక్కర్లేదు, రెండు నిమిషాలు కావాలి, అంతే.

ఇది జరుగుతోందో లేదో ఎవర్నీ నిలదీయకుండానే కనిపెట్టొచ్చు. టికెట్లు పెండింగ్‌లోకి వెళ్లిన ప్రతిసారీ గడువుకి ఇంకెన్ని నిమిషాలున్నాయో తీసి ఒక గ్రాఫ్ గియ్యండి. నిజమైన ప్రశ్నలు ఎక్కువగా పని మొదట్లో పుడతాయి, టికెట్ తెరిచి చదివినప్పుడు. కాబట్టి ఆ గ్రాఫ్ చివరికి వచ్చేసరికి పల్చబడాలి. అలా కాకుండా చివరి పది నిమిషాల దగ్గర ఒక గుట్ట లేచి ఉంటే, అవి ప్రశ్నలు కావు. ఆ గుట్ట కనిపించినప్పుడు టీమ్‌ని తిట్టి లాభం లేదు. చాలాసార్లు గడువే పనికి సరిపోయేది కాదు, లేదా మనుషులు చాలరు. గుట్టని చూపించి పై వాళ్లతో మాట్లాడటానికి అదే మంచి ఆధారం.

ఇక చివరి విషయం, గడువు దాటాక ఏమవుతుంది. సిస్టమ్‌లో జరిగేది చాలా తక్కువ. బ్రీచ్ అన్న గుర్తు ఒకటి పడుతుంది. మామూలుగా అది ఇంక చెరగదు, తర్వాత టికెట్ మూసినా అలాగే ఉంటుంది. మిగిలిన సమయం సున్నా దాటి మైనస్‌లోకి వెళ్తుంది. ఒక మెయిల్ పై మెట్టుకి వెళ్తుంది. అంతే.

మనుషుల్లో జరిగేది వేరు. మా క్యూలో "గంటలో గడువు ఉన్నవి" అని ఒక లిస్ట్ ఉండేది, అందరూ పొద్దస్తమానం దాన్నే చూస్తూ ఉండేవాళ్లం. దాని వెనక ఉన్న క్వెరీ ఇలా ఉండేది.

```
WHERE status = 'open'
  AND due_at BETWEEN now()
      AND now() + interval '1 hour'
```

ఒకసారి జాగ్రత్తగా చదవండి. మన టికెట్ ఎ 3:59 దాకా ఈ లిస్ట్‌లో అన్నిటికంటే పైన, ఎర్రగా, అందరి కళ్లలో ఉంటుంది. నాలుగు దాటిన మరుక్షణం లిస్ట్‌లోంచి మాయమవుతుంది, ఎందుకంటే దాని గడువు ఇప్పుడు గతంలో ఉంది. అందరికంటే ఎక్కువ సేపు ఎదురుచూస్తున్న కస్టమర్ టికెట్ ఎవరికీ కనిపించకుండా పోయింది. టీమ్‌లో ఎవరూ కావాలని వదిలెయ్యలేదు. తెర మీద లేదు కాబట్టి బుర్రలోనూ లేదు. ఒక టికెట్ అలా మూడు రోజులు పడి ఉంది మా దగ్గర. అంకెల్లో అది ఒక్క బ్రీచే. ఒక్క నిమిషం ఆలస్యమైనా అంతే, మూడు రోజులైనా అంతే.

మేం చేసింది, క్వెరీలో కింది హద్దు తీసేశాం. `due_at < now() + interval '1 hour'` అన్నాం, దాంతో దాటినవి కూడా లిస్ట్‌లోనే ఉంటున్నాయి. కానీ అది ఒక్కటే చాలదు. దాటినవన్నీ పైన పేరుకుంటే, మనం ఇందాక చూసిన తప్పే మళ్లీ జరుగుతుంది, దక్కనివాటి వెనక పరిగెత్తి దక్కేవి పోగొట్టుకుంటాం. అందుకని బ్రీచ్ అయిన టికెట్‌కి, కస్టమర్‌కి ఫోన్‌లో చెప్పిన సమయాన్నే రెండో గడువుగా వేరే గడిలో రాయడం మొదలుపెట్టాం. పాత `due_at` ముట్టుకోం, బ్రీచ్ గుర్తు తియ్యం, నెల రిపోర్ట్‌లో అది బ్రీచ్‌గానే ఉంటుంది. కానీ క్యూలో ఎ స్థానం ఇప్పుడు 5:15 దగ్గర, బి, సి ల తర్వాత. హెచ్చరికలు కూడా ఆ రెండో గడువుని బట్టి వస్తాయి.

(సభలోంచి: ఆ రెండో గడువు కూడా దాటిపోతే?)

అప్పుడు మూడోది పెట్టనివ్వం. ఆ గడి ఒక్కసారే రాయొచ్చు, రెండోసారి మార్చాలంటే లీడ్ లాగిన్ కావాలి. మొదట్లో అందరికీ వదిలేశాం, వారం తిరిగేసరికి ఒక టికెట్‌కి ఏడు గడువులు మారాయి. ఆ టికెట్ చరిత్ర చూస్తే ప్రతి మార్పూ పాత గడువుకి అయిదు నిమిషాల లోపే జరిగింది.